అత్తయ్యా మామయ్యలకు తెలియకుండా వాళ్ల ఇంట్లోనే పెళ్లిరోజు: రెండు నెలల ముందు నుంచి మర్నాటి టిఫిను దాకా

పట్నంలో అయితే చిన్న హాలు మాట్లాడుకుని, పెద్దవాళ్లను ఏదో నెపంతో అక్కడికి తీసుకెళితే సరిపోతుంది. కోనసీమ పల్లెలో, సొంత ఇంట్లో, ఆ ఇంటివాళ్లకే తెలియకుండా వేడుక చేయాలంటే లెక్క వేరు. రావులపాలెంలో బస్సు దిగిన చుట్టం ఊరు చేరే లోపే కబురు చేరుతుంది. గారెలు వేగితే వీధంతా తెలుస్తుంది. అందుకే ఇక్కడ అసలు పని అలంకరణ కాదు, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలన్న లెక్క. అంబాజీపేట దగ్గరి మా అత్తవారింట్లో, మా అత్తయ్యా మామయ్యల నలభయ్యో పెళ్లిరోజుకు ఇరవై ఇద్దరం కలిశాం. అందులో పద్దెనిమిది మంది పెద్దవాళ్లు, నలుగురు పిల్లలు. ఆ లెక్కనే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. దాచవలసింది చుట్టాల రాకను మాత్రమే, పెళ్లిరోజును కాదు. పిల్లలు ఆ రోజు పొద్దుటి నుంచీ ఫోన్ చేయకుండా మరిచిపోయినట్టు నటించి, సాయంత్రం ఆశ్చర్యపరచడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. దయచేసి అలా చేయకండి. పిల్లలు దూరాన ఉండి ఇద్దరే మిగిలిన ఇంట్లో ఆ పది గంటలు ఎంత బరువుగా గడుస్తాయో ఊహించండి. ఎప్పటిలాగే పొద్దున్నే ఫోన్ చేయండి, బట్టలు పంపండి. కలవడం మాత్రం ఆ తర్వాత వచ్చే ఆదివారానికి పెట్టుకోండి. పెళ్లిరోజు దాటిపోయింది కాబట్టి ఇక ఎవరికీ అనుమానం రాదు, ఉద్యోగస్తులకు సెలవు కూడా కలిసివస్తుంది.

రెండు నెలల ముందు: తేదీ, రైలు

తేదీ మీకు తెలుసని అనుకోకుండా పాత శుభలేఖ తీసి చూడండి. మన పెళ్లి ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. శుభలేఖలో "గురువారం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం" అని ఉంటుంది. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా గురువారమే, క్యాలెండరు ప్రకారం అప్పటికే శుక్రవారం. కొందరు దంపతులు ఇందులో ఒక తేదీని పాటిస్తే, ఇంకొందరు తిథినే పాటిస్తారు. తిథి ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతూ, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ వెనక్కి వస్తుంది. వాళ్లు ఏది పాటిస్తారో ఇంటి ఆడపడుచును అడిగితే క్షణంలో చెబుతుంది.

మాది మాఘమాసపు పెళ్లి. మాఘంలో వానల బెడద ఉండదు, ఎండా ముదరదు, లేత పనసకాయలు అప్పుడప్పుడే వస్తుంటాయి. చిక్కల్లా పెళ్లిళ్ల రోజులు కావడమే. వంటవాళ్లు దొరకరు, పూల ధర పెరుగుతుంది, చుట్టాల్లో సగం మందికి ఆ ఆదివారమే ఇంకో పెళ్లి ఉంటుంది. కాబట్టి ముందు దగ్గరి బంధువులను "ఆ వారం మీకేమైనా పెళ్లిళ్లున్నాయా?" అని మామూలుగా అడిగి, ఆ తర్వాతే రోజు ఖాయం చేయండి. అమావాస్య పడకుండా చూసుకోండి.

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లుంటే రైలు టిక్కెట్లు ఇప్పుడే తీయాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రిలో దిగి రోడ్డు మీద రావాలి. శనివారం పొద్దున దిగేవాళ్లు ఆదివారం సాయంత్రం దాకా ఎవరింట్లో ఉంటారో ఇప్పుడే అనుకోండి. అదే ఊళ్లో మాత్రం వద్దు. మావాళ్లు అమలాపురంలో మా ఆడపడుచు ఇంట్లో దిగారు.

నెల ముందు: ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి

దగ్గరి బంధువులంటే ఎవరన్నది ముందే గీత గీసుకోకపోతే ఇరవై మంది అరవై అవుతారు. మేము పెట్టుకున్న గీత ఇది: ఇద్దరి తోబుట్టువులు, పిల్లలు, మనవలు, వియ్యాలవారు. అంతే. ఈ గీత అందరికీ ఒకేలా ఉంటే, రానివాళ్లు తర్వాత అడిగినా "తోబుట్టువుల వరకే చేసుకున్నాం" అని చెప్పవచ్చు. ఒక్క పెత్తల్లి కొడుకును పిలిచి ఇంకొకరిని వదిలేస్తే ఆ మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది.

పెద్దవాళ్లను ఫోన్ చేసే పిలవండి, మెసేజీతో సరిపెట్టకండి. వియ్యాలవారిని ఇంటి పెద్దకొడుకూ కోడలూ ఇద్దరూ మాట్లాడి పిలవాలి. పిలిచేటప్పుడు రెండు విషయాలు విడమరిచి చెప్పండి: ఎన్ని గంటలకు ఏ ఇంటికి రావాలి, ఈ లోపల అత్తయ్యతో ఫోన్‌లో ఏమి అనకూడదు. "ఆదివారం కలుద్దాం" అన్న చిన్న మాటే చాలు, అంతా తెలిసిపోవడానికి. మనసులో మాట దాచుకోలేని మేనత్తలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్లకు రోజు ఖాళీగా ఉంచుకోమని మాత్రం ముందు చెప్పి, అసలు సంగతి శనివారం రాత్రి చెప్పండి.

వాట్సాప్‌లో వేరే గ్రూపు పెట్టుకోండి, కానీ దానికి "నలభయ్యో పెళ్లిరోజు" అని పేరు పెట్టకండి. ఎవరో మనవడి ఫోన్ తాతయ్య చేతిలో ఉండగా ఆ పేరు తెర మీద కనబడుతుంది. మేము "బియ్యం బస్తాలు" అని పెట్టాం. అయిపోయేదాకా ఎవరూ స్టేటస్‌లో ఫోటో పెట్టకూడదని మొదటిరోజే చెప్పండి.

ఇంటి బయటివాళ్లలో ఇద్దరికి తెలియాలి. ఒకరు పక్కింటివాళ్లు. వాళ్ల దగ్గర తాళంచెవి ఉంటుంది, వీధిలో కారు ఆగితే వాళ్లే ముందు చూస్తారు. ఇంకొకరు పనిమనిషి. ఆ రోజు మధ్యాహ్నమే ఇల్లు తుడిచి, పెరట్లో అంట్లు లేకుండా చేసేది ఆమే. పెళ్లయి నలభై ఏళ్లయిన ఇల్లాలికి, సర్దని ఇంట్లోకి వియ్యపురాలు వచ్చి కూర్చోవడం కంటే పెద్ద ఇబ్బంది ఉండదు. ఈ సంగతి కొడుకులకు తట్టదు, కోడళ్లూ కూతుళ్లూ చూసుకోవాలి.

రెండు వారాల ముందు: నెపం, దానికి తగిన వంట

ఈ రెండూ కలిపే ఆలోచించాలి, ఎందుకంటే ఒకటి రెండోదాన్ని నిర్ణయిస్తుంది.

దంపతులను మూడు గంటల పాటు ఇంటి నుంచి బయటికి తీసుకెళ్లాలి. గుడికి మించిన నెపం లేదు. అత్తయ్య తనంతట తానే పట్టుచీర కట్టుకుంటుంది, మామయ్య ఇస్త్రీ పంచె కడతాడు. మిగతా ఏ నెపం చెప్పినా ఆయన పాత చొక్కాతో, ఆమె ఇంట్లో కట్టే నేత చీరతో ఫోటోల్లో మిగిలిపోతారు. అమలాపురం చుట్టుపక్కల అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఉన్నారు. మధ్యాహ్నం తలుపులు మూసే గుళ్లు సాయంత్రం ఎన్నింటికి తీస్తారో ఆ వారంలోనే కనుక్కోండి. వాడపల్లి మాత్రం వద్దు, ముఖ్యంగా శనివారాలు. ఏడు వారాల మొక్కుల జనంలో ఎప్పుడు బయటపడతారో చెప్పలేం.

గుడికి వెళ్లిన రోజు నీసు తినని ఇళ్లు చాలా ఉన్నాయి. మీ ఇల్లూ అలాంటిదైతే గుడి నెపం, కోడి పలావు రెండూ కుదరవు. మేము పూర్తిగా శాకాహారమే పెట్టాం. దానివల్ల ఇంకో లాభం, చేపల పులుసు వాసన వీధిలోకి వెళ్లలేదు. నీసు తప్పనిసరి అనుకుంటే గుడి మానేసి, వేరే ఊళ్లో చుట్టాన్ని పలకరించే నెపం చూసుకోండి.

పాతిక మందికి క్యాటరింగ్ వాళ్లు సాధారణంగా రారు, వచ్చినా యాభై మంది లెక్క కడతారు. ఒక వంటావిడను రోజుకు మాట్లాడుకుని, రెండు వీధుల అవతల చుట్టాల ఇంట్లో వండించడం మేలు. మాకు చిన్నమామయ్యగారి ఇల్లు కుదిరింది. ఇరవై ఇద్దరికి మా లెక్క ఇలా ఉంది: పులిహోరకు కిలోన్నర బియ్యం, అన్నానికి రెండు కిలోలు, గారెలకు కిలో మినప్పప్పు, తరిగిన పనసపొట్టు రెండు కిలోలు, గుత్తివంకాయకు రెండున్నర కిలోలు, పెరుగుకు నాలుగు లీటర్ల పాలు. ముక్కల పులుసు, అప్పడాలు మామూలే. తీపికి బొబ్బట్లు ఇంట్లో చేయించాం, పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించాం. కిలో పప్పుకు అరవై దాకా గారెలు వస్తాయి, మనిషికి రెండు వేసుకున్నా కొన్ని మిగులుతాయి.

వండే క్రమం ముఖ్యం. పులిహోర మధ్యాహ్నమే కలిపేయండి. అన్నం చల్లారబెట్టి కలిపితే సాయంత్రానికి పులుపు పట్టి ఇంకా బాగుంటుంది. పనసపొట్టు కూర నాలుగింటికి ఉడికించి పోపు వేసి దించేయవచ్చు, కానీ ఆవ అప్పుడే కలపకండి. ఆవపిండిని పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. దించి, వేడి తగ్గాక, వడ్డించే ముందు కలపాలి. పప్పు పదింటికి నానబోసి రెండున్నరకు రుబ్బండి, ఉప్పు మాత్రం వేయించేటప్పుడే వేయండి. ముందే వేస్తే పిండి పలచబడి గారె నూనె పీల్చేస్తుంది. గారెలు ఒక్కటే వేడుక ఇంట్లో, పెరటి పొయ్యి మీద, వాళ్లు ఇల్లు చేరే ముందు మొదలుపెట్టాలి.

కేకు కావాలని పిల్లలు అడుగుతారు. ఇరవై ఇద్దరికి, భోజనం కూడా ఉంది కాబట్టి, కిలోన్నర చాలు. గుడ్డు లేనిదని అడిగి చెప్పండి. మన ఉక్కపోతకు క్రీము త్వరగా కారుతుంది. దాన్ని చుట్టాల ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంచి, కోసే అరగంట ముందు తేవాలి. కారులో తెచ్చేటప్పుడు సీటు మీద కాదు, కింద చదునుగా పెట్టండి.

వారం ముందు నుంచి శనివారం రాత్రి దాకా

ఈ వారంలో పని తక్కువ. దండలు, విడిపూలు కడియం వైపు నుంచి వచ్చే పూలవాళ్లకు చెప్పండి, పెళ్లిళ్ల రోజుల్లో ఆఖరి నిమిషంలో దొరకవు. అరిటాకులు పాతిక కాదు, ముప్పై తెప్పించండి, కొన్ని చిరుగుతాయి. శుభలేఖను, పెళ్లి ఫోటోను ఆల్బమ్ నుంచి ఫోన్‌తో తీసి పెద్దది చేయించండి, అసలుది ఇంట్లోంచి తీసుకెళితే అత్తయ్య వెతుకుతుంది. ఖర్చంతా ఒకరే పెట్టి, మిగతావాళ్లు తమ వాటా ముందే పంపేస్తే తర్వాత మాటలు రావు. కరెంటు పోతుందన్న లెక్కతో ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు చూడండి. శనివారం రాత్రి పాలు తోడు వేయండి.

శుక్రవారం నాటికి గుడి మాట వాళ్ల చెవిన వేయాలి. "ఆదివారం మేము వస్తున్నాం, సాయంత్రం అయినవిల్లి వెళ్దాం" అని చిన్నకొడుకు అంటే చాలు. ఎక్కువ వివరాలు చెబితే అనుమానం మొదలవుతుంది.

ఆదివారం, గంట గంటకు

మాఘంలో ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది, దోమలూ అప్పుడే మొదలవుతాయి. పెద్దవాళ్లు ఎనిమిదింటికల్లా తిని మందులు వేసుకోవాలి. అందుకే వేడుకను ఆరున్నరకు పెట్టి, ఏడున్నరకు ఆకులు వేసేలా చూసుకోండి.

- 3:15 – చిన్నకొడుకూ కోడలూ ఒక మనవడితో సహా దంపతులను తీసుకుని బయలుదేరాలి. సాయంత్రం వేసుకునే మాత్రలు కోడలి సంచిలో ఉండాలి. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి రావడం ఎప్పటి అలవాటే.
- 3:45 – అరగంట ఆగాకే ఇంటి తలుపు తీయండి. కళ్లజోడో, కొబ్బరికాయో మరిచి వెనక్కి వచ్చేవాళ్లు ఈ లోపే వస్తారు.
- 4:00 – పనిమనిషి ఇల్లు తుడుస్తుంది, ఇద్దరు గుమ్మానికి మామిడాకులు, పూలు కడతారు. బయటి గేటుకు ఏమీ కట్టకండి, అది వీధి మలుపు నుంచే కనబడుతుంది.
- 5:00 – చిన్నమామయ్యగారి ఇంటి నుంచి వంటకాల గిన్నెలు వస్తాయి. చుట్టాలు ఒక్కసారిగా కాకుండా ఇద్దరు ముగ్గురుగా రావాలి. కార్లు బడి దగ్గరో, కాలువ గట్టు మీదో ఆపి నడిచి రావాలి.
- 5:45 – కిటికీలు మూసి, దోమల మందు పెట్టండి. పెరట్లో నూనె మూకుడు పొయ్యి ఎక్కుతుంది.
- 6:10 – కేకు వస్తుంది, అందరూ హాల్లో ఉండాలి.
- 6:30 – దంపతులు గుమ్మంలో ఉంటారు.

ఇందులో అందరూ మరిచే విషయం చెప్పులు. తెలుగింట్లో ఇరవై మంది ఉన్నారని చెప్పడానికి అరుగు కింద ఇరవై జతల చెప్పులు చాలు. పెద్దావిడ గేటు దగ్గరే ఆగి లెక్కపెడుతుంది. ఒక గోనెసంచి పట్టుకుని ఒక పిల్లవాడిని గుమ్మం దగ్గర నిలబెట్టండి. వచ్చినవాళ్ల చెప్పులు సంచిలో వేసి పెరటి వైపు వరుసగా పెట్టడమే వాడి పని. సంచిలోనే వదిలేస్తే రాత్రి వెళ్లేటప్పుడు జతలు దొరక్క గంట పడుతుంది.

కారులోంచి కబుర్లు పంపేది మనవడు, బండి నడిపేవాడు కాదు. మూడు చాలు: గుడి నుంచి బయలుదేరాం, కాలువ వంతెన దాటాం, వీధి మలుపులో ఉన్నాం. రెండో కబురు వచ్చాక ఎవరూ బయటికి వెళ్లకూడదు, ఫోన్లు మోగకూడదు. మా వాళ్లకు దర్శనం పదిహేను నిమిషాల్లోనే అయిపోయింది. దాని కోసం దారిలో ఒక ఇల్లు ముందే చెప్పి పెట్టుకున్నాం, అక్కడ ఆగి కాఫీ తాగి వచ్చారు. మీరూ అలాంటి ఇల్లొకటి చూసుకోండి. ఆలస్యమైతే మాత్రం చేసేదేమీ లేదు, పిల్లలకు ముందే రెండు గారెలు పెట్టేయండి.

గుమ్మం దగ్గర ఏమి జరగాలి

దీపాలు ఆర్పి చీకట్లో కూర్చుని, తలుపు తీయగానే అందరూ అరవడం అరవై ఏళ్లు దాటినవాళ్లకు పనికిరాదు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం, గడప తట్టుకుని పడే అవకాశం మరీ ఎక్కువ. వసారా దీపం ఎప్పటిలా వెలుగుతుండాలి. తలుపు తీసేది ఒక్కరే ఉండాలి, వాళ్లు చూసి సంతోషించే మనిషి అయితే ఇంకా మంచిది. మా ఇంట్లో ఇద్దరు మనవరాళ్లు ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడ్డారు. అత్తయ్య వాళ్లను చూసి, "మీరెప్పుడు వచ్చారే?" అంటూనే వెనక తన అక్కగారిని చూసింది. హారతి తీసేదాకా గడప అవతలే నిలబడి ఉంటారు కాబట్టి, ఒక్కొక్కరినే చూసి తేరుకోవడానికి ఒక నిమిషం దొరుకుతుంది. ఆశ్చర్యం ఒక్కసారిగా కాక మెల్లగా విచ్చుకుంటుంది. పెద్దవాళ్లకు అదే క్షేమం, చూసేవాళ్లకూ అదే బాగుంటుంది.

ఆ తర్వాత వెంటనే కేకు దగ్గరికి లాక్కెళ్లకండి. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, అందరినీ పలకరించడానికి పావుగంట ఇవ్వండి. అప్పుడు పీటల మీద కూర్చోబెట్టి దండలు మార్పించండి. తడిగుడ్డలో చుట్టి నీడలో ఉంచిన దండలు అప్పటికీ తాజాగానే ఉంటాయి. అక్షింతలు పెద్దవాళ్లు వేస్తారు, చిన్నవాళ్లు వాళ్ల చేతే వేయించుకుంటారు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. భర్త పోయిన మేనత్తలు, పెద్దమ్మలు ఇలాంటప్పుడు తమంతట తామే వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతారు. వాళ్లు రారులే అని ఊరుకోకండి. ముందు వరుసలో కుర్చీ వేసి, అక్షింతల పళ్లెం ముందు వాళ్ల చేతికే ఇచ్చి, వేయమని ఇంటి పెద్దకోడలు అడగాలి. మా మామయ్యగారి అక్కగారు మొదట చేయి వెనక్కి తీసుకున్నారు. ఆయనే లేచి వెళ్లి ఆవిడ ముందు తల వంచారు. మీ ఇంట్లో ఎలా స్పందిస్తారో ముందే ఆలోచించుకోండి, అందరి ముందు బలవంతం మాత్రం చేయకండి.

వెళ్లేటప్పుడు

ముందు కబురు లేదు కాబట్టి, ఇంటికి వచ్చిన ఆడవాళ్లను వట్టి చేతులతో పంపుతున్నానని ఇల్లాలు బాధపడుతుంది. రవికెల గుడ్డలు, తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, పసుపు కుంకుమ ముందే సర్ది బీరువా పక్కన ఉంచండి. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆ సంచి అత్తయ్య చేతికిచ్చి, బొట్టు పెట్టి తాంబూలం ఆమే ఇచ్చేలా చూడండి. అప్పటిదాకా అతిథిలా కూర్చున్న మనిషి మళ్లీ ఇంటి యజమానురాలు అవుతుంది.

గిన్నెలు ఏ ఇంటివి ఆ ఇంటికి ఆ రాత్రే పంపేయండి. మిగిలిన పులిహోర పక్కింటికీ పనిమనిషికీ ఇవ్వండి, ఆవ కలిపిన కూర మిగిలితే రాత్రే పంచేయండి, పొద్దుటికి బాగుండదు. ఉండిపోయేవాళ్లెందరో లెక్క చూసి పరుపులు, దోమతెరలు సర్దండి. మర్నాడు పొద్దున్నే ఎవరూ పొయ్యి వెలిగించకుండా, అంబాజీపేటలో పొట్టిక్కలు శనివారమే చెప్పి ఉంచండి. పనసాకు బుట్టల్లో వేడిగా ఏడింటికల్లా ఎవరో ఒకరు వెళ్లి తెస్తారు, కొబ్బరి పచ్చడి మాత్రం ఇంట్లో రుబ్బుకుంటే సరిపోతుంది.